పట్టికలో ఉంచింది, కింద కాదంది

1925లో హార్వర్డ్ అబ్జర్వేటరీ నుంచి వెలువడిన ఒక పీహెచ్‌డీ థీసిస్‌లో చిన్న పట్టిక ఉంది. నక్షత్రాల పైపొరల్లో ఏ మూలకం ఎంత ఉందో చెప్పే పట్టిక అది. మొత్తం 18 మూలకాలు. ఇనుము ఎదురుగా 4.8 అని, కాల్షియం ఎదురుగా ఇంచుమించు అంతే అని ఉంటుంది. హైడ్రోజన్ ఎదురుగా 11 అని ఉంటుంది. చూడటానికి రెండింతలకు కాస్త పైన అనిపిస్తుంది కానీ, ఇందులో ఒక్కో అంకె పెరిగితే పది రెట్లు పెరిగినట్టు. అంటే ఇనుము కంటే హైడ్రోజన్ పది లక్షల రెట్లు మించి ఉందని పట్టిక చెబుతోంది. అదే అధ్యాయంలో ఇంకాస్త కిందికి వస్తే, హైడ్రోజన్‌కూ హీలియానికీ వచ్చిన ఈ భారీ అంకెలు దాదాపు కచ్చితంగా నిజం కావని ఆ రచయిత్రే రాసింది.

లెక్క తనది. దాన్ని నమ్మొద్దని చెప్పిందీ తనే. ఆమె పేరు సిసీలియా పేన్, అప్పటికి వయసు 25 ఏళ్లు. ఆ పట్టికకూ ఆ వాక్యానికీ మధ్య జరిగింది తెలిస్తే, గైడ్ నమ్మకానికి విరుద్ధమైన ఫలితం చేతికొచ్చిన ప్రతి పరిశోధక విద్యార్థీ ఎక్కడ ఇరుక్కుంటారో తెలుస్తుంది.

సిసీలియా ఇంగ్లండ్ అమ్మాయి. కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీలో వృక్షశాస్త్రం చదవడానికి చేరింది. 1919 సూర్యగ్రహణంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించి వచ్చిన ఆర్థర్ ఎడింగ్టన్ ఉపన్యాసానికి అనుకోకుండా ఒక టికెట్ దొరికింది. గదికి తిరిగొచ్చి దాన్నంతా ఇంచుమించు మాట పొల్లుపోకుండా రాసుకుందట. భౌతికశాస్త్రం వైపు తిరిగింది ఆ తర్వాతే. చదువు పూర్తయినా పట్టా మాత్రం రాలేదు, ఎందుకంటే కేంబ్రిడ్జి ఆడవాళ్లకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది 1948లో. అక్కడే ఉంటే మహా అయితే బడిపంతులమ్మ ఉద్యోగం. 1923లో హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ హార్లో షాప్లీ ఇచ్చిన ఫెలోషిప్‌తో ఆమె అమెరికా ఓడెక్కింది.

హార్వర్డ్‌లో ఆమె కోసం కాచుకుని ఉన్నవి గాజు పలకలు. దశాబ్దాల తరబడి నక్షత్రాలను ఫొటో తీసిన లక్షలాది పలకలు అక్కడ పోగుపడి ఉన్నాయి. చాలావాటి మీద నక్షత్రపు కాంతిని రంగులుగా విడదీసిన వర్ణపటాలున్నాయి. నలుపు తెలుపుల్లో చిన్న పట్టీ, దానికి అడ్డంగా సన్నటి గీతలు. నక్షత్రం పైపొరలోని పరమాణువులు తమకు నచ్చిన రంగును మింగేయడం వల్ల ఏర్పడిన గీతలవి. యానీ జంప్ కానన్ అనే ఆమె ఆ పలకల్ని భూతద్దంతో చూసి రెండు లక్షల పాతిక వేల నక్షత్రాలను గీతల తీరును బట్టి తరగతులుగా వర్గీకరించి పెట్టింది. వర్గీకరణ అయితే ఉంది. ఆ గీతలు నక్షత్రానికో రకంగా ఎందుకుంటాయన్న దానికి మాత్రం లెక్కతో కూడిన సమాధానం ఎవరూ చెప్పలేదు.

అప్పటి పెద్దల నమ్మకం ఏమిటంటే, సూర్యుడూ భూమీ ఒకే సరుకుతో తయారయ్యాయని. ఇది గుడ్డి నమ్మకమేమీ కాదు. సూర్యుడి వర్ణపటంలో ఇనుము గీతలే వేలల్లో ఉంటాయి. కాల్షియం, సోడియం, మెగ్నీషియం అన్నీ కనిపిస్తాయి. భూమి పైపొరను సూర్యుడంత వేడి చేస్తే వచ్చే వర్ణపటం కూడా సూర్యుడిదిలాగే ఉంటుందని హెన్రీ రోలండ్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. ప్రిన్స్‌టన్‌లోని హెన్రీ నోరిస్ రసెల్ 1914లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, పోలిక బాగానే కుదిరిందన్నాడు. గ్రహాలు సూర్యుడి నుంచే ఊడిపడ్డాయన్నది అప్పటి వాడుక సిద్ధాంతం కాబట్టి అది సబబుగానే తోచింది.

హైడ్రోజన్ సూర్యుడిలో లేదని ఎవరూ అనలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి పియరీ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరుకే వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువేనని ఆ గ్రహణంలో వాటి మెరిసే గీతల్ని చూసి తేల్చుకున్నాడు. కాబట్టి ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎంత ఉందన్నదే ప్రశ్న. గీత ఎంత చిక్కగా ఉంటే సరుకు అంత ఎక్కువ అనుకుంటే హైడ్రోజన్ కూడా పదిమందిలో ఒకటి, అంతే.

ఆ అనుకోవడంలోనే పొరపాటుందని చూపే తాళంచెవి కలకత్తా నుంచి వచ్చింది. 1920లో మేఘనాథ్ సాహా ఒక సమీకరణం ప్రచురించాడు. వేడి పెరిగేకొద్దీ పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. ఏ వేడి దగ్గర, ఏ పీడనం దగ్గర ఎన్నో వంతు పోగొట్టుకుంటాయో ఆ సమీకరణం లెక్కగట్టి చెబుతుంది. దాని దెబ్బకు గీత చిక్కదనానికీ సరుకు మొత్తానికీ మధ్య నేరుగా లంకె లేదని తేలిపోయింది. గీతను గీసేది ఆ మూలకపు పరమాణువులన్నీ కాదు. వాటిలో సరైన స్థితిలో ఉన్నవి మాత్రమే.

దీన్ని సూర్యుడి మీదే వేసి చూద్దాం. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి కాల్షియం పరమాణువులు దాదాపు అన్నీ ఒక్కో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఉంటాయి. ఊదారంగు చివర కనిపించే ప్రసిద్ధమైన రెండు కాల్షియం గీతలను గీసేవి సరిగ్గా ఆ స్థితిలో ఉన్నవే. అంటే అక్కడున్న కాల్షియం మొత్తం ఆ గీతల కోసం పనిచేస్తోంది. హైడ్రోజన్ సంగతి వేరు. మన కంటికి కనిపించే హైడ్రోజన్ గీతలు పడాలంటే, దాని ఎలక్ట్రాన్ ముందుగానే ఒక మెట్టు పైకెక్కి కూర్చుని ఉండాలి. ఆ మెట్టు చాలా ఎత్తు. ఆ వేడిలో దాదాపు 20 కోట్ల హైడ్రోజన్ పరమాణువుల్లో ఒక్కటి మాత్రమే అక్కడుంటుంది. 20 కోట్ల మందిలో ఒకరే చెయ్యెత్తే సభలో చూసినచోటల్లా చేతులే కనిపిస్తున్నాయంటే, వచ్చిన జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. సూర్యుడిలో హైడ్రోజన్ గీతలు కళ్లకు కొట్టొచ్చినట్టే ఉంటాయి మరి.

సిసీలియా చేసిన పని ఇలా ఒక్క సూర్యుడితో ఆగలేదు. కేంబ్రిడ్జిలో రాల్ఫ్ ఫౌలర్, ఎడ్వర్డ్ మిల్న్ సాహా పద్ధతిని మెరుగుపరిచారు. హార్వర్డ్ పలకల మీద దాన్ని పరీక్షించి చూడమని ఆమెకు సలహా ఇచ్చింది మిల్నే. చల్లటి నక్షత్రాల నుంచి వేడి నక్షత్రాల దాకా వరుసగా పేర్చుకుంటూ పోతే, ఒక మూలకపు గీత ఎక్కడో లీలగా మొదలై, చిక్కబడి, మళ్లీ పలచబడి మాయమవుతుంది. ఆమె ఆ అంచుల్ని పట్టుకుంది. ఏ మూలకమైనా సరే, గీత కనిపించీ కనిపించనట్టు ఉండటానికి కావలసిన పరమాణువుల సంఖ్య ఒకటేనని అనుకుందాం. ఆ అంచున్న నక్షత్రపు వేడిలో ఒక మూలకంలో వెయ్యికి ఒకటి చొప్పున పరమాణువులు గీతకు పనికొస్తున్నాయని, మరో మూలకంలో పది లక్షలకు ఒకటే పనికొస్తోందని సమీకరణం చెబితే, రెండోది మొదటిదానికంటే వెయ్యి రెట్లు ఎక్కువ ఉన్నట్టు.

సూత్రం ఇంత తేలికైనా పని మాత్రం మోటుపని. పలక మీద గీత ఎంత చిక్కగా ఉందో కంటితోనే అంచనా కట్టాలి. ఎక్కడ మాయమైందన్నదీ చూసేవారి కన్ను చెప్పిందే. ఒక తరగతి అటూ ఇటూ పొరబడితే సమాధానం పది రెట్లు మారిపోవచ్చు. కాబట్టి ఎవరో అనుమానించేలోపు ఆమే తన పద్ధతిని అనుమానించాల్సి వచ్చింది.

ఆ అనుమానం తీర్చే సాక్ష్యం పట్టికలోనే ఉంది. కాల్షియాన్ని ఆమె రెండు దారుల్లో కొలిచింది. మామూలు కాల్షియం గీతలతో 4.8 వచ్చింది, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియం గీతలతో 5.0 వచ్చింది. రెండు రకాల గీతలు, వేర్వేరు నక్షత్రాలు, వేర్వేరు వేడి, జవాబు దాదాపు ఒక్కటే. స్ట్రాన్షియంతోనూ అలాగే అయింది. పద్ధతి డొల్లదైతే ఇలా కుదరదు. పైగా సిలికాన్, ఇనుము, మెగ్నీషియం లాంటివి ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు భూమి మీది పాళ్లకు దగ్గరగానే వచ్చాయి. అంటే రసెల్ చెప్పింది ఆ మూలకాల విషయంలో నిజమేనని ఆమె పట్టికే ఒప్పుకుంది. తేడా కొట్టింది హైడ్రోజన్, హీలియం దగ్గర.

షాప్లీ ఈ రాతప్రతిని 1924 చివర్లో ప్రిన్స్‌టన్‌కు, రసెల్‌కు పంపాడు. రసెల్ ఎవరో కాదు, షాప్లీకి పీహెచ్‌డీ గైడ్. అంటే సిసీలియా ఎదుర్కోవలసింది గైడ్ గారి గైడ్‌ను. అమెరికా ఖగోళశాస్త్రంలో ఆయన మాటే శాసనం. కుర్ర శాస్త్రవేత్త భవిష్యత్తు నిలబడాలన్నా కూలాలన్నా ఆయన ఒక్క మాట చాలని ఆమే తర్వాత రాసుకుంది.

1925 జనవరిలో జవాబొచ్చింది. చాలామంది ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ రసెల్‌ను దుర్మార్గుణ్ని చేసేస్తారు. నాకలా అనిపించదు. ఆ ఉత్తరంలో ఆయన పనిని మెచ్చుకున్నాడు, ఫలితాలు మొత్తమ్మీద పొందికగా ఉన్నాయన్నాడు. హైడ్రోజన్ దగ్గరికి వచ్చేసరికి, లోహాలకంటే పది లక్షల రెట్లు ఎక్కువ ఉండటం అసంభవమని, ఇక్కడ సిద్ధాంతంలోనే ఏదో తప్పుందని తేల్చేశాడు. లెక్క తప్పిందని ఆమెను అనలేదు. ఆయన చేతిలో ఒక కారణమూ సిద్ధంగా ఉంది. పెద్ద నక్షత్రాల్లో హైడ్రోజన్ గీతలు ఉండాల్సినదానికంటే చిక్కగా ఉంటాయన్నది అప్పటికే తెలుసు. దానికి వివరణ వెతుకుతూ ఆయన 1924లోనే కార్ల్ కాంప్టన్‌తో కలిసి ఒక చిన్న వ్యాసం రాశాడు. హైడ్రోజన్ మొదటినుంచీ తిక్క మూలకం, దాని మాట పట్టించుకోనక్కర్లేదన్నది ఆయన ధోరణి.

వాదనలో బలం లేకపోలేదు. కానీ చిల్లు ఒకటుంది. తిక్క హైడ్రోజన్‌దే అయితే హీలియం ఎందుకు అదే దారి పట్టింది? హీలియం గీతలు కనిపించేది బాగా వేడి నక్షత్రాల్లో. దాని పరమాణువు కట్టడి వేరు, దానికి కావలసిన వేడి వేరు. రెండు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెబుతుంటే ఇద్దరికీ మతి చెడిందనాలంటే ఇంకాస్త ఆధారం చూపాలి. పైగా 16 మూలకాలకు పనికొచ్చిన పద్ధతి, మనకు నచ్చని రెండింటి దగ్గరే ఎందుకు చెడుతుందన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్న.

ఆమె ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఆ రెండు అంకెల్ని తీసేసి 16 మూలకాల పట్టిక అచ్చువేయడం. పాళ్లు భూమితో కలిశాయి కాబట్టి అందరూ మెచ్చుకునేవాళ్లు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. రెండు, అంకెల్ని ఉంచి, ఇవి నిజమేనని వాదించడం. డిగ్రీ చేతికి రాని, ఫెలోషిప్ డబ్బు మీద బతుకుతున్న, వెనక్కి వెళ్తే చోటులేని పరాయి దేశపు అమ్మాయికి అది తేలిక కాదు. షాప్లీ అండగా నిలబడేవాడని నమ్మకమూ లేదు. తన గురువు తీర్పు కోరింది ఆయనే కదా. మూడోది ఆమె పట్టిన దారి. కొలతను పూర్తిగా చెప్పింది, దానికి తను నమ్మిన అర్థాన్ని మాత్రం వదులుకుంది.

థీసిస్‌లో ఇది ఎలా జరిగిందో దగ్గరగా చూడాలి. మొదటి పట్టికలో హైడ్రోజన్ 11, హీలియం 8.3 అని ఉన్నాయి. ఏ అంకె ఎలా వచ్చిందో చెప్పే లెక్క ఉంది. ఎవరైనా మళ్లీ చేసి చూసుకోవచ్చు. ఆ తర్వాత నక్షత్రాలనూ భూమినీ పోల్చిన జాబితాలో మాత్రం ఆ రెండూ లేవు. వదిలేశానని ఆమె చెప్పే వదిలేసింది. హైడ్రోజన్ ఫలితం దాని వింత ప్రవర్తనలో మరో ముఖం కావచ్చని, హీలియం కూడా అలాంటి కారణంతోనే దారి తప్పిందేమోనని రాసింది. హీలియం గురించి రాసిన ఆ మాట చాలా పేలవంగా ఉంటుంది. రాసేటప్పుడు ఆమెకే మింగుడు పడలేదేమోనని నా అనుమానం.

ఈ దారి మీద ఒక్కొక్కరిది ఒక్కో అభిప్రాయం. లొంగిపోయిందనేవారు ఉన్నారు. ఆమె కూడా తన జీవితచరిత్రలో తప్పు తనదేనని, సరైనదని నమ్మినప్పుడు పెద్దల మాటకు తలొగ్గకుండా గట్టిగా నిలబడాల్సిందని రాసుకుంది. నేను మాత్రం తలొగ్గడంలో రెండు రకాలున్నాయంటాను. అభిప్రాయాన్ని వెనక్కి తీసుకోవచ్చు, కొలతను వెనక్కి తీసుకోవచ్చు. రెండోది చేస్తే తర్వాత వచ్చేవాళ్లకు చూసుకోవడానికి ఏమీ మిగలదు. ఆమె చేసింది మొదటిదే. ఆ కొలత అచ్చులో ఉండబట్టే నాలుగేళ్ల తర్వాత ఎవరైనా దాన్ని తెరిచి పోల్చుకోగలిగారు.

ఆ సంవత్సరమే ఆమె కేంబ్రిడ్జి వెళ్లి ఎడింగ్టన్‌ను కలిసింది. నక్షత్రాల్లో మిగతా అన్నింటికంటే హైడ్రోజన్ ఎంతో ఎక్కువ ఉందని తన నమ్మకం చెప్పింది. అచ్చులో కాదన్న మాటను పాత గురువు దగ్గర నోటితో అనేసిందన్నమాట. దానికాయన, నక్షత్రాల్లో కాదు, నక్షత్రాల మీద అనమ్మా అన్నట్టు సరిదిద్దాడు. ఆమె చూసింది పైపొర కాంతినే, లోపలేముందో ఆ గీతలు చెప్పలేవు. ఇది కొట్టిపారేసే అభ్యంతరం కాదు. ఆమె పని హద్దు కచ్చితంగా అక్కడే ఉంది.

1928లో ఆల్‌బ్రెక్ట్ ఉన్‌సోల్డ్, 1929లో విలియం మెక్‌క్రియా వేర్వేరు దారుల్లో వచ్చి సూర్యుడిలో హైడ్రోజన్ విపరీతంగా ఉందన్నారు. అదే 1929లో రసెల్ స్వయంగా సూర్యుడి వాతావరణం మీద పెద్ద వ్యాసం ప్రచురించాడు. అందులో 56 మూలకాలు. హైడ్రోజన్‌దే పైచేయి అని ఒప్పుకున్నాడు. అంతకుముందు జరిగిన లెక్కల్లో ముఖ్యమైనది మిస్ పేన్ చేసినదేనని చెప్పి, తన ఫలితాలు దానితో కలుస్తున్నాయని రాశాడు. 1925 జనవరి నాటి ఉత్తరం సంగతి మాత్రం అందులో లేదు. చాలా ఏళ్లపాటు ఈ ఆవిష్కరణ ఘనత రసెల్ ఖాతాలోనే జమైంది.

ఇందులో సాధారణంగా ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. అంకెగా చూస్తే పది లక్షల రెట్లు అన్నది తప్పే. ఇవాళ్టి లెక్క ప్రకారం సూర్యుడిలో ఒక ఇనుప పరమాణువుకు సుమారు 30 వేల హైడ్రోజన్ పరమాణువులుంటాయి. అంటే ఆమె లెక్క ఇనుము విషయంలో యాభై రెట్లు ఎక్కువ పలికింది. హీలియం అయితే ఎదురు తిరిగింది. ఆమె పట్టికలో హీలియం కంటే హైడ్రోజన్ 500 రెట్లు ఎక్కువ, నిజానికి అది పన్నెండు రెట్లకు మించదు. కంటితో చిక్కదనం అంచనా కట్టే పద్ధతికి ఇంత తేడా వింత కాదు. అసంభవమన్న రసెల్ అనుమానానికి కాస్త ఆధారం దొరికినట్టే. కానీ ఆయన నమ్మినది నిజమైతే హైడ్రోజన్ మిగతా మూలకాల మధ్య ఎక్కడో ఒకటిగా ఉండాలి. యాభై రెట్లు సవరించినా అది మిగతావాటిని వేల రెట్లు దాటే ఉంటుంది. ఫలితం ఎంత తప్పుగా ఉండే వీలుందో లెక్కగట్టి, ఆ తప్పును కలిపి చూసినా పాత నమ్మకం నిలబడదని చూపడమొక్కటే 1925లో ఆమెకు అందుబాటులో ఉన్న గట్టి వాదన. అది థీసిస్‌లో లేదు. ఉండుంటే రసెల్ ఒప్పుకునేవాడో లేదో తెలియదు కానీ, జవాబు చెప్పడం మాత్రం కష్టమయ్యేది.

ఎడింగ్టన్ అభ్యంతరం తీరడానికి ఇంకొంత కాలం పట్టింది. 1932లో డెన్మార్క్‌కు చెందిన బెంట్ స్ట్రోమ్‌గ్రెన్, ఎడింగ్టన్ కూడా, విడివిడిగా నక్షత్రాల లోపలి లెక్క వేశారు. బరువులో దాదాపు మూడో వంతు హైడ్రోజన్ ఉంటే తప్ప నక్షత్రాల వెలుగు లెక్కకు అందదని తేలింది. సూర్యుడి పైపొర బరువులో దాదాపు ముప్పావు వంతు హైడ్రోజన్, మిగిలినదంతా ఇంచుమించు హీలియం, ఇనుము కాల్షియం వగైరాలన్నీ కలిపినా రెండు శాతం కూడా ఉండవన్న ఇవాళ్టి లెక్క దానికి చాలా తర్వాతిది.